మూడు గంటల హాజరు

“అబద్ధమైతే నా నాలిక కొయ్యి సార్! మూడు గంటలకి నా బిడ్డ లాకు కాడుండాది. మీ కాగితంలో యేమో మీ ముందర కూర్చోని పలికిందని రాసుండారు. ఒక్క పిల్ల రెండు చోట్ల యెట్టుంటాదో నాకు చెప్పు!”

“గొంతు తగ్గించవయ్యా. ఇది బడి, పడవ కాదు.”

“పడవైతే బాగుండు. పడవలో యెంతమందుండారో మాకు తెలుస్తాది.”

హెడ్మాస్టరు గది బయట బల్ల మీద కూర్చున్న జకరయ్య పంతులు ఆ మాటకు తల వంచుకున్నాడు. లోపల అరుస్తున్నది హజరత్తయ్య. బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవకు మోకు కట్టి గట్టు వెంబడి లాక్కుపోయే మనిషి. అతని కూతురు పుష్పకుమారి అయిదో తరగతి. తల్లి లేని పిల్ల, మిషను బోర్డింగులో ఉండి చదువుకుంటున్నది. శనివారం పిల్లల్ని సముద్రం ఒడ్డుకు విహారయాత్రకు తీసుకుపోయినప్పుడు ఆ పిల్ల తప్పిపోయింది. పొద్దు గుంకేలోగా దొరికింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. దొరికింది గదా, ఇంకేమిటి గొడవ అని శనివారం రాత్రి అందరూ అనుకున్నారు. ఇవాళ మంగళవారం.

“నువ్వు చూసినావా?” లోపల హెడ్మాస్టరు సమాధానం గారి గొంతు. “నీ బిడ్డ మూడు గంటలకు లాకు దగ్గర ఉన్నట్టు నువ్వు చూసినావా?”

“నేను చూళ్ళేదు. లాకు తలుపులు తీసే లస్కరు చూసినాడు. ఆయప్ప పుస్తకంలో రాసుండాడు. సరుగుడు కట్టెల పడవ రెండుంబావుకి లాకు దాటిందని. ఆ పడవ దిగువకి దిగేటప్పుడు నా బిడ్డ లాకు గోడ మీద కూర్చోని, ఇది మా నాయన పడవా అని అడిగింది. కావాలంటే పుస్తకం తెప్పించుకో. అది సర్కారు పుస్తకం సార్, మీ పుస్తకం మాదిరి కాదు.”

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడయింది.

“జకరయ్య గారూ, లోపలికి రండి.”

జకరయ్య లేచి, తలుపు రెక్కను చేత్తో తడిమి, గడప దాటాడు. ఆ తడమడం చూసినవాళ్ళకు పెద్దాయన నిదానమనిపిస్తుంది. నిజం అది కాదు. జకరయ్యకు రెండేళ్ళుగా రెండు కళ్ళకూ పొర కమ్మింది. కిటికీ ఉన్నచోట తెల్లగా, మనిషి ఉన్నచోట నల్లగా తెలుస్తుంది. ఆ నలుపుకు ముక్కూ మూతీ ఉండవు.

ఈ సంగతి ఆయన భార్య ఎస్తేరమ్మకు తెలుసు, మిషను ఆసుపత్రి డాక్టరుకు తెలుసు. శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరినాక వస్తే కోసి తీస్తాను, అంతదాకా చేసేదేమీ లేదు అన్నాడు డాక్టరు. అంటే ఇంకా గుడ్డివాడివయితే తప్ప బాగుచేయడం కుదరదని. రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. కళ్ళు లేవని తెలిస్తే రేపే ఇంటికి పంపుతారు. అందుకని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు ఒకే బడిలో చెప్పిన మనిషికి కళ్ళతో ఏం పని? అయిదో తరగతి వాచకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా నోటికి వచ్చు. పుస్తకం తెరిచి పట్టుకుని, పేజీ తిప్పాల్సినచోట తిప్పుతాడు. ఇండియా పటం మీద బెత్తం పెట్టాలంటే గోడకున్న మేకు నుంచి మూడు జానలు కిందికి, ఒక జాన కుడికి కొలిస్తే నెల్లూరు. ఒకసారి ఎవడో కుర్రవాడు పటాన్ని వంకరగా తగిలిస్తే నెల్లూరు పోయి సముద్రంలో పడింది. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వేసి, “తుపాను వచ్చిందిలేరా” అన్నాడు. పలకలు దిద్దడం మానేశాడు. “రాసింది గట్టిగా చదువు” అంటాడు. తప్పు చదివితే తప్పు రాసినట్టే. ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లల చేత బాగా చదివిస్తున్నారు అని మెచ్చుకుని పోయాడు కూడా.

హాజరు మాత్రం చెవులతో వేస్తాడు. బోర్డింగు పిల్లలు, ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు అందరి పేర్లూ వరసన నోట్లో ఉంటాయి. పేరు పిలుస్తాడు, “ఉన్నానండీ” అని వినపడుతుంది, బొటనవేలిని గీత వెంబడి జరుపుకుంటూ గుర్తు పెడతాడు. ఎవరి గొంతు ఏదో, ఎవరికి జలుబు చేసిందో, ఎవరు ఏడ్చి వచ్చారో ఆయనకు తెలుస్తుంది.

కాబట్టి శనివారం మూడు గంటలకు ఏం జరిగిందో కూడా ఆయనకు తెలుసు.

“అయ్యోరా,” అన్నాడు హజరత్తయ్య. గొంతులో ఇప్పుడు అరుపు లేదు. “నువ్వు పెద్దోడివి. నీకు అబద్ధమాడే పనిలేదు. మూడు గంటలకి నా బిడ్డని చూసినావా నువ్వు?”

“చూడలేదు.”

“మరి యెట్టా రాసినావు?”

“పేరు పిలిచినాను. పలికింది. రాసినాను.”

“నీళ్ళ కాడ ఇని రాసేదేంది సామీ? సముద్రం కాడ బిడ్డలుండారా లేదా అని చెవులతో చూస్తారా యెవరన్నా?”

చెప్పడానికేముంది? చూస్తారు, నేను చూస్తాను అని చెప్పాలా?

సమాధానం గారు కల్పించుకున్నాడు. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు ఇదే బడిలో ఇదే జకరయ్య దగ్గర అయిదో తరగతి చదివినవాడు. ఆ గౌరవం చేత జకరయ్యను కూర్చోమని కుర్చీ చూపించాడు. కుర్చీ ఎక్కడ చూపించాడో తెలియక జకరయ్య నిలబడే ఉన్నాడు.

“హజరత్తయ్యా, జరిగింది నేను విచారించి రాతపూర్వకంగా బడి నడిపే మిషను కరస్పాండెంటు గారికి పంపుతాను. నీకూ ఒక నకలు ఇస్తాను.”

“నకలు నేనేం చేసుకునేది? నాకు చదవను రాదు. బిడ్డని ఇయ్యి, తీసుకోని పోతా.”

“చదువు మాన్పిస్తావా?”

“చదువుకోని పడవలు లెక్కబెట్టేదానికి పొయిందా అది? నాయన కనపడలేదని పొయింది. నేను మూణ్ణెల్లు రాలేకపోతిని. పడవ వొదిలిపెడితే ఇంకోణ్ణి పెట్టుకుంటారు. మా నాయన పడవ ఈ కాలవలోనే గదా పొయ్యేదని గట్టు పట్టుకోని నడిచి పొయింది. నా తప్పు నాకుండాదిలే. మీ తప్పు మీరు చూసుకోండి.”

ఆ మాటలన్నీ అక్షరాలా నిజం. శనివారం జరిగింది అదే.

నాలుగు రెండెడ్ల బండ్లలో ముప్పై ఆరుగురు పిల్లలు, ఇద్దరు పంతుళ్ళు. జకరయ్య, ఆయనతో పాటు కొత్తగా చేరిన కరుణాకుమారి టీచరు. ఇందుకూరుపేట మీదుగా పోయి, బల్లకట్టు మీద కాలువ దాటి, పదకొండింటికి సముద్రం ఒడ్డు చేరారు. పిల్లల్ని మోకాటి లోతు దాటి దిగనివ్వలేదు. పన్నెండున్నరకు సరుగుడు తోపులో పులిహోర పెట్టారు. ఒంటిగంటన్నరకు పుష్పకుమారి చెయ్యి కడుక్కుంటుంటే కరుణాకుమారి చూసింది. ఆ తరువాత ఆ పిల్లను ఎవరూ చూడలేదు.

మూడు గంటలకు హాజరు. పిల్లలు ఇసకలో వరసగా కూర్చున్నారు. సముద్రం గాలి హోరు. పంతొమ్మిదో పేరు పుష్పకుమారి. “ఉన్నానండీ” అని పలికింది. పలికింది పుష్పకుమారి కాదు. ఏసుమణి, గొంతు కొంచెం సన్నం చేసుకుని పలికింది.

జకరయ్యకు అది తెలిసింది. తెలిసీ గుర్తు పెట్టాడు.

ఎందుకంటే బోర్డింగులో అది నాలుగేళ్ళుగా ఉన్న అలవాటు. పొద్దున హాజరు వేళకు వంటశాలలో బావి నీళ్ళు తోడే వంతు ఇద్దరు పిల్లలకు పడుతుంది. వాళ్ళు తరగతికి పావుగంట ఆలస్యంగా వస్తారు. హాజరు పడకపోతే ఆ పూట సంకటి ముద్ద సగం కోస్తారు. అందుకని నీళ్ళ వంతు పిల్లకు బదులు దాని జత పిల్ల పలుకుతుంది. పుష్పకుమారికి ఏసుమణి, ఏసుమణికి పుష్పకుమారి. మొదటిసారి విన్నప్పుడే జకరయ్య కనిపెట్టాడు. బావి దగ్గర చేదుకుంటున్న పిల్ల బడికి రానట్టెలా అవుతుంది అనుకుని ఊరుకున్నాడు. హెడ్మాస్టరుకు మాత్రం అది తెలిసినప్పుడు వేరే రకంగా తెలిసింది. పోయిన ఏడాది ఇద్దరు ఆడపిల్లలు, ఊళ్ళో పెళ్ళి చూడడానికి పోయిన పిల్లకు బదులు పలికి దొరికిపోయారు. కరస్పాండెంటు గారు వాళ్ళను బోర్డింగు నుంచి పంపేశారు. ఇకపై అబద్ధపు హాజరు పలికినవారికి బోర్డింగులో చోటు లేదని కాగితం రాసి గోడకు అంటించారు.

ఇసకలో నీళ్ళ వంతు ఎక్కడిది? ఆ ఆలోచన జకరయ్యకు రాలేదు. కరుణాకుమారితో కలిసి గిన్నెలు తోముతున్నదేమో అనుకున్నాడు. అనుకున్నాడా, అదీ లేదు. అలవాటు ప్రకారం వేలు ముందుకు జరిగింది, అంతే. ఏసుమణికీ అంతే. పేరు వినపడింది, జత పక్కన లేదు, నోరు పలికింది.

మూడున్నరకు బండ్లెక్కేముందు కరుణాకుమారి తలా ఒక బన్ను పంచింది. ముప్పై ఆరు తెచ్చింది. ఒకటి మిగిలింది.

“సార్, ఎవరో తీసుకోలేదు,” అంది.

తీసుకోనివాళ్ళు చేతులెత్తండి అంటే ఎవరూ ఎత్తలేదు. అప్పుడు ఏసుమణి ఏడుపు మొదలుపెట్టింది.

ఆ తరువాత చేయవలసినవన్నీ చేశారు. అందులో జకరయ్యను ఎవరూ తప్పు పట్టలేరు. మిగిలిన పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టి, ఒకరి చేయి ఒకరిని పట్టుకోమని, కరుణాకుమారిని కాపలా పెట్టాడు. పెద్ద బండివాణ్ణి సరుగుడు తోపులోకి, ఇంకొకణ్ణి బల్లకట్టు దగ్గరికి పంపాడు. బల్లకట్టువాడు ఏ పిల్లా దాటలేదన్నాడు. అంటే పిల్ల కాలువకూ సముద్రానికీ మధ్యనే ఉంది. లేకపోతే ఆ రెంటిలో ఒకదానిలో ఉంది. జకరయ్య మనుషుల అలికిడి పట్టుకుని, చేపలు పట్టే పల్లెవాళ్ళ పాలెం దాకా పరుగెత్తి, తెప్పల మీద వలలు ఆరేసుకుంటున్నవాళ్ళను బతిమాలాడు. పదిమంది అలల అంచు పట్టుకుని ఉత్తరానికి సగం మంది, దక్షిణానికి సగం మంది పోయారు. ఇద్దరు తెప్ప దించారు. నాలుగూ పదికి మునసబు దగ్గరికి మనిషిని పంపాడు. నాలుగున్నరకు మూడో బండివాణ్ణి బడికి, హెడ్మాస్టరుకు చీటీ ఇచ్చి పంపాడు.

ఇన్ని చేస్తూ ఆయన మాత్రం ఏమీ చూడలేకపోయాడు. ఒడ్డున నిలబడి నీళ్ళ వైపు మొహం పెట్టాడు. ఎదర తెల్లటి వెలుగు, ఆ వెలుగులో నల్లటి చుక్కలు. అవి తెప్పలో, కొంగలో, తేలుతున్న పిల్లో. “అదేందబ్బయ్యా, ఆ నల్లగా?” అని పక్కన ఉన్న ముసలి పల్లెవాణ్ణి అడిగాడు. “యాడ?” అన్నాడు వాడు. “అదిగో.” వాడు ఆయన మొహంలోకి చూసి, “అది మొద్దు, అయ్యోరా. నువ్వు కూర్చో” అన్నాడు. ఆ ముసలివాడికి తెలిసిపోయింది. బడిలో రెండేళ్ళుగా ఎవరికీ తెలియనిది అక్కడ ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

కాలువ గట్టున మేకలు తోలుకొస్తున్న ఒక ఆడమనిషి, పచ్చ పరికిణీ పిల్ల లాకు వైపు పోతుంటే చూశానని చెప్పింది. అయిదుంబావుకు లాకు గోడ మీద దొరికింది పుష్పకుమారి. లస్కరు పెట్టిన చద్దెన్నం తిని, వచ్చిన ప్రతి పడవనూ మా నాయనుండాడా అని అడుగుతూ కూర్చుంది. లస్కరు దాన్ని ఇంటికి పంపుదామంటే ఇల్లెక్కడో పిల్ల చెప్పలేదు. “మా నాయన వస్తాడు” అన్నదొక్కటే. సరే, పొద్దుగూకే లోపల ఎవరూ రాకపోతే మునసబుకు అప్పగిద్దామనుకున్నాడు లస్కరు.

తండ్రికి ఎలా తెలపాలి? అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా అన్నచోట నెల్లూరులో పడవల సావుకారు గోడౌను పేరుంది. సమాధానం గారు శనివారం రాత్రే కార్డు రాసి ఉంచి, ఆదివారం టపా లేదు గనక సోమవారం వేశాడు. లస్కరు మాత్రం ఉత్తరానికి పోతున్న పడవవాళ్ళకు నోటిమాట చెప్పి పంపాడు. పడవ నుంచి పడవకు ఆ మాట పోయి, సోమవారం మధ్యాహ్నానికి హజరత్తయ్యకు అందింది. కార్డు ఇంకా గోడౌనుకు చేరిందో లేదో. అతను మోకు వదిలేసి ఇరవై మైళ్ళు నడిచి వచ్చాడు. వచ్చేదారిలో లాకు దగ్గర ఆగి లస్కరుతో మాట్లాడి మరీ వచ్చాడు. బడికి వచ్చి ఏం రాశారో చదివి వినిపించమన్నాడు. హెడ్మాస్టరు వినిపించాడు. “మధ్యాహ్నం మూడు గంటలకు హాజరు పిలువగా ముప్పది ఆరుగురును పలికిరి” అన్నచోట అతను ఆపమన్నాడు.

అదీ ఇవాళ్టి గొడవ.

పుష్పకుమారిని పిలిపించారు. ట్రంకు పెట్టె లేదు దానికి. దుప్పటి, రెండు గౌన్లు, పలక మూట కట్టుకుని వచ్చింది. తండ్రిని చూసి నవ్వు ఆపుకోలేకపోతున్నది. తప్పిపోయి నాయనను సంపాదించిన పిల్ల అది. దానికి మంచే జరిగింది.

“పుష్పా, చదువు మానొద్దమ్మా,” అన్నాడు జకరయ్య.

“పడవలో పలక తెచ్చుకోవచ్చంట అయ్యోరా. నాయన చెప్పినాడు.”

“పలక సరే. చెప్పేవాళ్ళెవరు?”

పిల్ల తండ్రి వైపు జరిగింది. హజరత్తయ్య చెప్పాడు. “నువ్వు బాగా చెప్తావని దాని నోట శానాసార్లు ఇన్నా అయ్యోరా. నీ మింద నాకు కోపం లేదు. అయినా నిన్ను నమ్మి మళ్ళా వొదిలిపెట్టలేను. యేమనుకోవాకు.”

జకరయ్య వాళ్ళ వెనకే వరండాలోకి వచ్చాడు. రెండు నల్లటి ఆకారాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గేటు తెలుపులో కలిసిపోయాయి. పిలిచి ఆపడానికి ఒక్క మాటయినా దొరుకుతుందేమోనని వెదుక్కుంటూ నిలబడ్డాడు.

గదిలోకి తిరిగి వచ్చేసరికి సమాధానం గారు తలుపు వేశాడు.

“చూడండి పంతులుగారూ. మీ మొదటి రిపోర్టు ఇక పనికి రాదు. లస్కరు పుస్తకం ముందర మన హాజరు పట్టీ నిలబడదు. శుక్రవారం కరస్పాండెంటు గారు వస్తున్నారు. రెండో రిపోర్టు కావాలి. తప్పిన వేళ, చివర చూసినవారు, వెదికిన వివరం, తండ్రికి తెలిపిన వేళ, ఇవన్నీ బాగానే ఉన్నాయి. మూడు గంటల హాజరొక్కటి తేల్చాలి. మీరు పిలవకుండానే గుర్తులు పెట్టారా?”

“పిలిచినాను.”

“అయితే ఎవరో పలికారు. ఎవరు?”

జకరయ్య కిటికీ తెలుపు వైపు మొహం తిప్పుకున్నాడు.

“పిలవలేదని రాస్తే తప్పుడు హాజరు వేసినందుకు మీ ఉద్యోగం పోతుంది. ముప్పై ఏళ్ళ సర్వీసు. పిలిచానని రాస్తే పలికిన పిల్ల పేరు రాయాలి. ఆ పిల్ల పోతుంది. గోడ మీది కాగితం నేను చించలేను. నా చేతిలో లేదు. సాయంత్రంలోగా ఇవ్వండి.” కాస్త ఆగి, “నేను మీకు చెప్పేవాణ్ణా,” అన్నాడు మెల్లగా.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టినప్పుడు ఏసుమణి వచ్చింది. తరగతి గదిలో ఒంటరిగా కూర్చున్న జకరయ్య దగ్గర నిలబడింది. చేతులకు నీళ్ళ చేద వాసన.

“అయ్యోరా, పుష్ప పొయింది గదా.”

“పోయింది.”

“నేనే పలికినానని హెడ్మాస్టరు గారికి చెప్పేస్తా.”

“నిన్నెవరన్నా అడిగినారా?”

“లేదు. అయితే నా వల్లనే గదా. నేను పలక్కుండా ఉండుంటే మూడు గంటలకే తెలిసేది. తొందరగా వెతికుంటారు.”

పదేళ్ళ పిల్ల. ఎంత సూటిగా చెప్పింది! హజరత్తయ్యకూ, హెడ్మాస్టరుకూ కావలసిన వాక్యం అదే. జకరయ్య నాలుగు రోజులుగా తనలో తాను చెప్పుకోలేకపోతున్న వాక్యం.

“పంపేస్తే ఎక్కడికి పోతావు?”

“మా మామ ఇంటికి. గొడ్లు కాసేదానికి మనిషి లేడంట. పోయిన క్రిస్మసుకే రమ్మన్నాడు.”

“పోతావా?”

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

“నోరు మూసుకోని పోయి అన్నం తిను,” అన్నాడు జకరయ్య. “నువ్వేం చెప్పొద్దు. అడిగినా నన్నడగమను.”

“మీరేం చెప్తారు?”

“పో” అన్నాడు.

ఆ పిల్ల పోయినాక కాగితం తీసుకుని, దాని మీద అడ్డంగా రూళ్ళకర్ర పెట్టి, కర్ర అంచున కలం ఆనించి రాయడం మొదలుపెట్టాడు. గీత తప్పకుండా రాయడానికి అదొక్కటే దారి. మొదటి రెండు పేజీలు సులువుగా వచ్చాయి. తోపు, బల్లకట్టు, పాలెం, తెప్పలు, మునసబు, లాకు. వెదకడంలో లోపం లేదు. చదివినవాళ్ళు ఆయనను మెచ్చుకోవచ్చు కూడా. అదే ఆయనకు సిగ్గనిపించింది. లేని పిల్లను ఉన్నదని రాసి అరగంట పోగొట్టి, ఆ తరువాత ఎంత బాగా వెదికితే ఏం? పిల్ల గట్టు మీద నడిచింది గనక సరిపోయింది. గట్టు దిగి ఉంటే ఆ అరగంట ఏమయ్యేది?

మూడు గంటల దగ్గరికి వచ్చి కలం ఆగింది. పిలవలేదని రాద్దామా అనుకున్నాడు. అబద్ధం. ఆ అబద్ధానికి ముప్పై అయిదుగురు పిల్లలు సాక్షులు. అవతల గిన్నెలు తోముతూ కరుణాకుమారి కూడా విన్నది. కరస్పాండెంటు గారు ఒక్క పిల్లను అడిగితే చాలు, అబద్ధం తేలుతుంది, ఆ వెంటనే ఏసుమణి పేరూ తేలుతుంది. పలికింది ఎవరో తెలియదని రాద్దామా? ముప్పై ఏళ్ళ పంతులుకు ఎదురుగా కూర్చున్న పిల్ల తెలియదా అంటారు.

ఎందుకు తెలియదో చెప్తే తప్ప ఆ మాట నిలవదు.

నాలుగు గంటలకు కాగితాలు పట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయాడు. సమాధానం గారు నిలబడే చదివాడు. చదివేటప్పుడు పెదవులు కదపడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. ఎన్ని దెబ్బలు కొట్టినా పోలేదు. మూడో పేజీకి వచ్చేసరికి గొంతు బయటికే వచ్చింది.

“‘రెండేండ్లుగా నా రెండు కన్నులకును శుక్లము కమ్మి మనుష్యుల ముఖములు నాకు కానరావు. ఈ సంగతి దాచి ఉద్యోగము చేయుచుంటిని. మూడు గంటలకు హాజరు పిలిచితిని. పుష్పకుమారి పేరునకు మరియొక బాలిక పలికెను. ఆమెను నేను చూడలేదు. ఒకరికి బదులొకరు పలుకు అలవాటును నాలుగేండ్లుగా ఎరిగియు ఊరకుంటిని. గ్రుడ్డివాడనై పిల్లలను సముద్రమునకు కొనిపోవుట నా తప్పు. పలికిన బాలిక తప్పు కాదు.’”

సమాధానం గారు కాగితం బల్ల మీద పెట్టాడు.

“కళ్ళు కనపడవా?”

“కనపడవు సార్.”

“నేను కనపడనా?”

“మీరున్నారని తెలుస్తుంది.”

సమాధానం గారు కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ వచ్చాడు.

“ఇది పంపితే శుక్రవారమే మీరు ఇంటికి పోవాలి. తెలుసా?”

“తెలుసు.”

“పోనీ, మీరు పోతే ఇది ఇంతటితో ఆగుతుందా? ఆగదు. కరస్పాండెంటు గారు మొదట అడిగేది ఒక్కటే. పలికినదెవరు? మీరు ఆ పిల్లను చూడలేదని రాశారు. సరే, ఒప్పుకుంటాను. అయితే మీరు విన్నారు. నా గొంతు తలుపు బయట నుంచే గుర్తు పడతారు మీరు. ఆ పిల్ల ఎవరో మీకు తెలుసు. నేను అడిగితే మీరు అబద్ధం చెప్పలేరు. చెప్తే నాకు తెలిసిపోతుంది. తెలిశాక నేను దాచలేను.”

జకరయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న నల్లటి ఆకారం ముందుకు వంగింది. ఆ ఆకారం నోరు తెరవక ముందే ఆయన మాట్లాడాడు.

“అందుకే సార్, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. నా కళ్ళ సంగతి ఎవరికి కావాలంటే వాళ్ళకు రాయండి. ఆ పలికిందెవరని మాత్రం నన్నూ అడగొద్దు, పిల్లల్నీ అడగొద్దు.”